డి-డైమర్: లేదని చెప్పగలదు, ఉందని చెప్పలేదు

ఖమ్మం నుంచి ఒక పాఠకుడు తన నాన్నగారి రిపోర్టు పంపారు. ఆయనకు 68 ఏళ్లు. ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు, పొద్దున్నే గంటసేపు నడుస్తారు. ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీలో రక్తపు గడ్డల అనుమానానికి వాడే డి-డైమర్ రక్తపరీక్ష కూడా ఉంది కాబట్టి చేశారు. 640 వచ్చింది, పక్కనే ఎర్ర అక్షరాల్లో ‘ఎక్కువ’ అని ఉంది. ఇక ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. "ఊపిరితిత్తుల్లో క్లాట్ ఉన్నట్టేనా సార్? ఇదే పరీక్ష మా బావగారి ఛాతీ నొప్పికి చేసి, నార్మల్ వచ్చిందని ఇంటికి పంపేశారు. నార్మల్‌ని అంత నమ్మినవాళ్లు, ఎక్కువ వస్తే ఎందుకు నమ్మరు?" అని అడిగారు.

ఆ చివరి ప్రశ్న చాలా మంచిది. జవాబు తెలియాలంటే అసలు ఈ డి-డైమర్ ఎక్కడి నుంచి ఊడిపడుతుందో చూడాలి. రక్తం గడ్డకట్టడంలో పాల్గొనే ఫ్యాక్టర్ల జాబితా మొత్తం ఇక్కడ చెప్పను. వైద్య విద్యార్థుల చేత దాన్ని బట్టీ పట్టించి, వాళ్లకు ఈ సబ్జెక్టంటేనే విసుగు పుట్టించాం. మనకు ముగ్గురు పనివాళ్లు తెలిస్తే చాలు.

రక్తంలో ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది. కాలేయం దాన్ని తయారుచేస్తుంది. దీన్ని ఇటుక అనుకోండి. ఈ ఇటుకకు నడుమ ఒక ముద్ద, రెండు చివర్లా ఒక్కో ముద్ద ఉంటాయి. నడిమి ముద్ద పేరు ‘ఇ’, చివరి ముద్దల పేరు ‘డి’. ఎక్కడైనా రక్తనాళం చిట్లితే త్రాంబిన్ అనే మేస్త్రీ వచ్చి, ఇటుక నడిమి భాగంలో ఉన్న చిన్న మూతల్ని గీకేస్తాడు. మూత పోయిన ఇటుకలు ఒకదానికొకటి పట్టు దొరికి వరుసల్లో పేరుకుంటాయి. ఒక ఇటుక చివర పక్క ఇటుక చివరకు ఆనుకుంటుంది. అదే ఫైబ్రిన్ గోడ. కానీ ఇది ఇంకా పేర్చిన గోడే, చెయ్యి తగిలితే విడిపోతుంది. అప్పుడు ఫ్యాక్టర్ 13 అనే రెండో పనివాడు వచ్చి, ఆనుకుని ఉన్న రెండు ‘డి’ చివరల మధ్య సిమెంటు పెడతాడు. రసాయనశాస్త్రం ప్రకారం అది నిజమైన సమయోజనీయ బంధం, అంత తేలిగ్గా తెగదు.

గాయం మానాక గోడ అడ్డం తీయాలి కదా. మూడో పనివాడు ప్లాస్మిన్ గునపంతో వస్తాడు. అతని దెబ్బ ఎప్పుడూ ఇటుక మీదే, నడిమి ముద్దకూ చివరి ముద్దకూ మధ్య ఉన్న సన్నని చోట పడుతుంది. సిమెంటు అతుకును మాత్రం అతను పగలగొట్టలేడు. అందుకే కూల్చిన చోట ఒక ప్రత్యేకమైన పెళ్ల మిగులుతుంది: పక్కపక్క ఇటుకల నుంచి విరిగి వచ్చిన రెండు ‘డి’ చివరలు, మధ్యలో చెక్కుచెదరని సిమెంటు. రెండు ‘డి’లు కలిసిన జంట కాబట్టి దాని పేరు డి-డైమర్.

గోడ కట్టకుండానే విడి ఇటుకల్ని ప్లాస్మిన్ పగలగొడితే ఒంటరి ‘డి’ ముక్కలే వస్తాయి, జంటలు రావు. పాతకాలపు పరీక్షలు ఈ రెండింటినీ విడదీయలేకపోయేవి. 1980లలో జంటను మాత్రమే పట్టుకునే యాంటీబాడీలు వచ్చాకే ఈ పరీక్షకు విలువ వచ్చింది. అంటే రక్తంలో డి-డైమర్ కనబడిందంటే మూడు పనులు వరుసగా జరిగాయన్నమాట: గోడ పేర్చారు, సిమెంటు పెట్టారు, కూల్చారు.

ఇప్పుడు కొలత చూడండి. సాధారణంగా వాడే హద్దు మిల్లీలీటరు ప్లాస్మాకు 500 నానోగ్రాములు. పెద్దమనిషి ఒంట్లో సుమారు మూడు లీటర్ల ప్లాస్మా ఉంటుందనుకుంటే, మొత్తం కలిపి ఒకటిన్నర మిల్లీగ్రాములు. అదే ప్లాస్మాలో తిరిగే ఫైబ్రినోజెన్ తొమ్మిది గ్రాముల దాకా ఉంటుంది. ఆరు వేల ఇటుకల్లో ఒక్కటి గోడలోకి వెళ్లి విరిగి వచ్చినా పరీక్ష మోగుతుంది. కాలి లోతు సిరలోనో ఊపిరితిత్తుల ధమనిలోనో ఇలాంటి గోడతో కొత్త రక్తపు గడ్డ కూర్చుంటే, శరీరం దాన్ని మొదటి నుంచే కూల్చడం మొదలుపెడుతుంది, పెళ్లలు రక్తంలో పడుతూనే ఉంటాయి. ఇంత సున్నితమైన పరీక్షకు కూడా ఆ పెళ్లలు దొరకలేదంటే, ఒంట్లో చెప్పుకోదగ్గ గోడ ఎక్కడా లేనట్టే. బావగారిని ఇంటికి పంపడానికి ఆధారం ఇదే.

చిక్కు కూడా ఈ సున్నితత్వం వల్లే వస్తుంది. పెళ్ల మీద ఇంటి నంబరు ఉండదు. అది ఊపిరితిత్తిలో ప్రాణం మీదికి తెచ్చే గోడ నుంచి వచ్చిందో, మోకాలి ఆపరేషన్ కుట్ల దగ్గర మామూలుగా కట్టి కూల్చిన గోడ నుంచి వచ్చిందో రక్తం గొట్టంలో చూస్తే తెలియదు. న్యుమోనియా వస్తే వాపు ఉన్న చోటల్లా చిన్న చిన్న గోడలు లేస్తాయి. క్యాన్సర్‌లోనూ అంతే. గర్భిణికి నెలలు నిండేకొద్దీ డి-డైమర్ పెరుగుతూ పోతుంది, అది శరీరం కాన్పుకు సిద్ధపడే తీరులో భాగం. కిందపడి ఒళ్లు కమిలినా పెరుగుతుంది. కాలేయం, కిడ్నీలు మందగిస్తే శిథిలాల్ని ఎత్తిపోసే బండి ఆలస్యమవుతుంది కాబట్టి కొత్త గోడ లేకపోయినా అంకె ఎక్కువగా ఉండొచ్చు. మన పొలాల్లో రక్తపింజర కరిస్తే దాని విషం గడ్డకట్టే యంత్రాంగాన్ని ఒంటినిండా ఒకేసారి పురిగొల్పుతుంది, ఇటుకలన్నీ అయిపోతాయి, డి-డైమర్ ఆకాశాన్ని అంటుతుంది, చివరికి రోగికి రక్తం గడ్డకట్టక కారుతుంటుంది. డి-డైమర్ విపరీతంగా ఉన్నా సమస్య రక్తస్రావమే అయిన సందర్భం ఇది. 2021లో కోవిడ్ రెండో అలప్పుడు వాట్సాప్‌లో డి-డైమర్ అంకెలు క్రికెట్ స్కోరులా తిరిగాయి. వైరస్ వాపు వల్లా పెరిగింది, నిజమైన గడ్డల వల్లా పెరిగింది. ఏది ఏదో అంకె ఒక్కటే చూస్తే తేలేది కాదు.

వయసు కూడా ఒక కారణమే. ఒంట్లో నిత్యం జరిగే చిన్న చిన్న మరమ్మతులు వయసుతో ఎక్కువవుతాయి. అందుకని ఊపిరితిత్తుల్లో గడ్డ ఉందేమోనని అనుమానించి, ఆ అనుమానం మరీ బలంగా లేనప్పుడు, 50 ఏళ్లు దాటినవారికి హద్దును వయసును పదితో గుణించి పెట్టుకోవచ్చని 2014లో అచ్చయిన ఒక పెద్ద అధ్యయనం చూపింది. 68 ఏళ్ల మనిషికి ఆ హద్దు 680. మన పెద్దాయన 640 దానికి లోపలే ఉంది. ఆ ల్యాబు ఎర్ర అక్షరాలు వయసు చూసి వేసినవి కావు. పైగా ఏ లక్షణమూ లేని మనిషికి ఈ పరీక్ష చేయడమే అనవసరం.

ఆ పాఠకుడు ఇంకో మాట కూడా రాశారు. ఎవరో చెబితే నాన్నగారికి వారం రోజులు పరగడుపున వెల్లుల్లి తినిపించి వేరే ల్యాబులో మళ్లీ చేయిస్తే 310 వచ్చిందట, "సగానికి దిగింది" అని ఊపిరి పీల్చుకున్నారు. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూశాను. మొదటి దాంట్లో ప్రమాణం ఎఫ్‌ఈయూ, హద్దు 500. రెండో దాంట్లో డీడీయూ, హద్దు 250. రెండో ల్యాబు దొరికిన పెళ్లను మాత్రమే తూచింది, మొదటిది ఆ పెళ్ల ఏ ఇటుక నుంచి వచ్చిందో ఆ ఇటుక మొత్తం బరువు లెక్కేసింది. అందుకే ఒకే రక్తానికి ఎఫ్‌ఈయూ అంకె డీడీయూకు దాదాపు రెట్టింపు వస్తుంది. 310ని రెట్టిస్తే 620. వెల్లుల్లి చేసిందేమీ లేదు. రిపోర్టుల్ని పోల్చే ముందు ప్రమాణం, హద్దు చూడకపోతే ఇలాంటి వైద్యాలే పుడతాయి.

ఇక "ఎక్కువ వస్తే ఎందుకు నమ్మరు" అన్న దానికి లెక్క వేసి చూద్దాం. ఛాతీ నొప్పితో వచ్చిన 1000 మందిని తీసుకోండి. డాక్టరు పరీక్షించి "వీళ్లకు గడ్డ ఉండే అవకాశం తక్కువ" అనుకున్నారు, నిజానికి వీళ్లలో 100 మందికి ఉంది అనుకుందాం. మంచి డి-డైమర్ పరీక్ష ఆ వందలో 97 మందిని పట్టుకుంటుంది, ముగ్గుర్ని వదిలేస్తుంది. మిగిలిన 900 మందిలో 40 శాతానికే నార్మల్ అని చెబుతుంది. అంటే 360 మంది. మిగతా 540 మందికి గడ్డ లేకపోయినా అంకె ఎక్కువే. ఇప్పుడు నార్మల్ వచ్చిన 363 మందిలో గడ్డ ఉన్నవాళ్లు ముగ్గురే, ఒక శాతం కూడా కాదు. ఎక్కువ వచ్చిన 637 మందిలో గడ్డ ఉన్నవాళ్లు 97 మంది, ఆరేడుగురిలో ఒకరు. అందుకే ఎక్కువ వస్తే అక్కడితో ఆగకుండా, కాలికైతే డాప్లర్, ఊపిరితిత్తికైతే కాంట్రాస్టుతో సీటీ యాంజియో చేసి గడ్డను కళ్లతో చూడాలి. అంకె చూసి రక్తం పలచబరిచే మందులు మొదలుపెడితే, గడ్డ ఉన్న ఒక్కొక్కరి కోసం అవసరం లేని ఐదారుగురికి రక్తస్రావపు ముప్పు తెచ్చిపెట్టినట్టు.

అదే లెక్క ఇంకో గుంపు మీద వేయండి. పోయిన వారం తుంటి ఆపరేషన్ అయినవాళ్లు, ఒక కాలు వాచినవాళ్లు, దగ్గితే రక్తం పడుతున్నవాళ్లు. వీళ్లలో సగానికి గడ్డ ఉంది అనుకుంటే, 500 మందిలో పరీక్ష 15 మందిని వదిలేస్తుంది. గడ్డ లేని 500 మందిలో 200 మందికే నార్మల్ వస్తుంది. నార్మల్ వచ్చిన 215 మందిలో 15 మందికి గడ్డ ఉంది, 14 మందిలో ఒకరికి. పరీక్ష అదే, యంత్రం అదే, కానీ ఈ గుంపులో నార్మల్‌ని నమ్మి ఇంటికి పంపడం ప్రమాదం. డాక్టరు ముందుగా నాడి వేగం, ఈమధ్య ఆపరేషన్, మంచాన పడి ఉండటం, ఇదివరకు గడ్డ వచ్చిందా, క్యాన్సర్ ఉందా అని అడిగి ‘వెల్స్ స్కోరు’ లెక్కేసేది మనిషి ఏ గుంపులో ఉన్నాడో తేల్చుకోవడానికే. రెండో గుంపు అని తేలితే డి-డైమర్ జోలికి పోకుండా నేరుగా స్కాన్‌కు పంపుతారు.

నార్మల్ మోసం చేసే చోట్లు ఇంకా ఉన్నాయి, అవన్నీ పెళ్లలు తక్కువగా రాలే చోట్లే. కాలు వాచి రెండు మూడు వారాలు దాటాక వస్తే గోడ నిలబడే ఉంటుంది కానీ పెళ్లలు రాలడం తగ్గిపోతుంది. రాలిన పెళ్లలు కొన్ని గంటల్లోనే సగానికి తగ్గిపోతాయి, పాతవి రక్తంలో నిలవ ఉండవు. అప్పటికే రక్తం పలచబరిచే హెపారిన్ సూది వేసి ఉంటే కొత్త ఇటుకలు పడటం ఆగుతుంది, అంకె దిగిపోతుంది. పిక్కలోని చిన్న సిరలో చిన్న గడ్డ అయితే శిథిలాలు హద్దును చేరవు. అందుకని ఎమర్జెన్సీలో రక్తం తీసే ముందు "ఎన్ని రోజుల నుంచి?", "ఏ సూదులు వేశారు?" అని అడుగుతారు. వేరే ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్లు ఆ డిశ్చార్జి కాగితం కూడా పట్టుకెళ్లాలి. అందులో హెపారిన్ అని ఉంటే డి-డైమర్ నార్మల్ వచ్చినా డాక్టరు డాప్లర్ రాస్తారు.