ఎకోలో పంపింగ్ బాగానే ఉంది, మరి ఆయాసం ఎందుకు?

ఎకో పరీక్ష అయ్యాక మనవాళ్లు ముందు అడిగే మాట "పంపింగ్ ఎంత ఉంది?" అని. అరవై శాతం అంటే ఊపిరి పీల్చుకుంటారు, ముప్పై అంటే టెన్షన్ మొదలవుతుంది. డాక్టర్లు కూడా చాలాకాలం దాదాపు ఇలాగే ఆలోచించారు. గుండె వైఫల్యం ఉన్నవాళ్లలో దాదాపు సగం మంది, అంటే పంపింగ్ బాగానే ఉన్నవాళ్లు, అన్నేళ్లపాటు మందు లేకుండా ఉండిపోవడానికి ఈ అంకె మీది నమ్మకం కూడా ఒక కారణం.

ఇజెక్షన్ ఫ్రాక్షన్ అనే ఆ అంకె ఒక నిష్పత్తి మాత్రమే. జఠరికలో నిండిన రక్తంలో ఎంత వంతు బయటికి వెళుతుందో చెబుతుంది. ఊహకి ఇద్దరిని తీసుకుందాం. ఒకాయనకి గుండెపోటు వచ్చి ఎడమ జఠరిక సాగిపోయింది. నిండినప్పుడు అందులో 200 మిల్లీలీటర్ల రక్తం పడుతుంది, ఒక్కో స్పందనకి 60 బయటికి వెళుతుంది. ఇజెక్షన్ ఫ్రాక్షన్ 30 శాతం. రెండో ఆమెకి డెబ్బై ఏళ్లు. బీపీ, షుగరు, అధిక బరువు ఉన్నాయి. జఠరిక గోడ మందం, లోపల పట్టేది 100, బయటికి వెళ్లేది అదే 60. రిపోర్టులో 60 శాతం, అంటే నార్మల్. ఒంటికి అందే రక్తం మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఆమె కష్టం నిండడంలో ఉంది. మెట్లెక్కితే నాడి పెరుగుతుంది, గుండె నిండే వ్యవధి తగ్గుతుంది. బిరుసెక్కిన గోడ తొందరగా సడలదు. దాంతో ఎడమ కర్ణికలో ఒత్తిడి పెరిగి ఊపిరితిత్తుల దాకా వెనక్కి తన్నుతుంది. పడుకున్నప్పుడు 12 మిల్లీమీటర్లున్న ఆ ఒత్తిడి శ్రమలో 25 దాటిపోవచ్చు. ఎకో సాధారణంగా పడుకోబెట్టి తీస్తారు కాబట్టి అందులో ఇది తప్పిపోతుంది.

మొదటి రకం కథ ముందే తేలింది. పంపు బలహీనమైందని గుండెను గట్టిగా కొట్టించే మందులు ఇచ్చి చూశారు. అలసిన ఎద్దును ముల్లుకర్రతో పొడిచినట్టయింది. 1991లో మిల్రినోన్ మాత్రలు వాడినవాళ్లలో మరణాలు 28 శాతం ఎక్కువగా కనబడ్డాయి. నిజానికి నష్టం చేస్తున్నది శరీరం చేసుకునే సర్దుబాటే. రక్తం తగ్గిందనుకుని అడ్రినలిన్, రెనిన్ వ్యవస్థలు నెలల తరబడి రెచ్చిపోతాయి. ఉప్పూ నీరూ నిలవుంటాయి, జఠరిక ఇంకా సాగుతుంది. ఈ వ్యవస్థలను అణచే మందులు ఫలించాయి. 1987లో ఎనలాప్రిల్ పనిచేసింది. బలహీనమైన గుండెకి ప్రమాదమని పక్కన పెట్టిన బీటా బ్లాకర్లతో 1999లో రెండు పెద్ద ట్రయల్స్‌లో మరణాలు మూడోవంతు తగ్గాయి.

1991 నాటి సాల్వ్‌డ్ లాంటి ట్రయల్స్ ఇజెక్షన్ ఫ్రాక్షన్ 35 శాతం లోపు ఉన్నవాళ్లనే తీసుకున్నాయి. నష్టం ఎక్కువున్న రోగుల్లో ఫలితం త్వరగా తేలుతుంది కాబట్టి అది తెలివైన ఏర్పాటే. కానీ ట్రయల్ కోసం గీసిన గీత క్రమంగా జబ్బుకే సరిహద్దయింది. గీతకి పైనున్నవాళ్లు చాలామంది ముసలివాళ్లు, ఎక్కువగా ఆడవాళ్లు. వాళ్ల ఆయాసాన్ని వయసు మీదికో, బరువు మీదికో తోసేయడం తేలికైపోయింది.

తర్వాత అలాంటి మందులనే వాళ్లకీ ఇచ్చి చూశారు. 2008లో ఇర్బెసార్టాన్ నాలుగు వేల పైచిలుకు మందిలో ఏ లాభమూ చూపలేదు. 2014 నాటి టాప్‌క్యాట్ ట్రయల్‌లో స్పైరనోలాక్టోన్ మొత్తం మీద ఫలితం చూపలేదు. అయితే అమెరికా ఖండాల రోగుల్లో కొంత మేలు కనబడింది. రష్యా, జార్జియాల్లో చేరినవాళ్లకి ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నా ఇబ్బందులు చాలా తక్కువ. వాళ్లలో చాలామందికి అసలు ఈ జబ్బే లేదేమోనన్న అనుమానం వచ్చింది. పైగా కొందరి రక్తంలో మందు జాడే లేదని తర్వాత తేలింది.

2013లో పౌలస్, చోపే అనే ఇద్దరు పరిశోధకులు ప్రశ్నను తిరగేశారు. మొదటి రకంలో దెబ్బ కండర కణం నుంచి మొదలవుతుంది. రెండో రకంలో బీపీ, షుగరు, ఊబకాయం వల్ల ఒళ్లంతా పైకి కనబడని సన్నని వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్, ఉండి, అది గుండెలోని సూక్ష్మ రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుందన్నారు. అక్కడ నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుతుంది. దాని సంకేతం అందక, కండరానికి సాగే గుణమిచ్చే టైటిన్ ప్రొటీన్ బిగుసుకుంటుంది. కణాల మధ్య పీచు పెరుగుతుంది. అలాంటప్పుడు రెనిన్‌ను అణచినంత మాత్రాన పెద్ద ఫలితం రాకపోవడంలో వింత లేదు. అలాగని నైట్రిక్ ఆక్సైడ్ దారిని నేరుగా సరిచేయబోయిన మందులు కూడా ఆశించినంత పనిచేయలేదు. ఆ సిద్ధాంతం కథలో ఒక భాగమే అనుకోవాలి.

మార్పు షుగరు మందుల వైపు నుంచి వచ్చింది. 2021లో ఎంపాగ్లిఫ్లోజిన్ ఇజెక్షన్ ఫ్రాక్షన్ 40 దాటినవాళ్లలో, షుగరు ఉన్నా లేకున్నా, హృద్రోగ మరణం లేదా గుండె వైఫల్యంతో ఆస్పత్రిలో చేరడం అన్న ఉమ్మడి ముప్పును 21 శాతం తగ్గించింది. ఆ తగ్గుదల ప్రధానంగా ఆస్పత్రి చేరికల్లోనే. ప్రాణాలు నిలిపిందని ఇంకా గట్టిగా చెప్పలేం.

నిర్ధారణ ఇప్పటికీ చిక్కే. గుండె మీద ఒత్తిడి పెరిగితే రక్తంలో పెరిగే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అనే ప్రొటీన్ ఊబకాయం ఉన్నవాళ్లలో తక్కువగానే కనబడి మోసం చేస్తుంది. అనుమానం తీరకపోతే గుండెలోకి కెథటర్ అనే సన్నని గొట్టం పెట్టి, సైకిల్ తొక్కిస్తూ ఒత్తిడి కొలవాల్సిందే. ఆ ఏర్పాటు ఉన్న ఆస్పత్రులు కొన్నే.