కామెర్లు, పొట్టలో నీరు, ఒక రెఫరల్ చీటీ: సూది ఎవరు పెట్టాలి?

కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బిన రోగిని పల్లె డాక్టరు పట్నంలోని లివర్ విభాగానికి పంపేటప్పుడు రాసే చీటీ మీద డాక్టర్ల మధ్య పాత వాదన మళ్లీ లేచింది. లివర్ డాక్టర్ల ఫిర్యాదు చిన్నదే. "కామెర్లు, జలోదరం, తదుపరి చికిత్సకు పంపుతున్నాం" అన్న ఒక్క వాక్యం తప్ప చీటీలో ఏమీ ఉండదని, పొట్టలో నీటిని కొంచెం తీసి పరీక్ష కూడా చేయించరని అంటారు. పల్లె డాక్టర్లు ఎందుకు చేయించరో తెలియాలంటే 1986కు వెళ్లాలి.

లివర్ పాడైన మనిషికి రక్తం గడ్డకట్టించే ప్రొటీన్లు తగ్గుతాయి, ప్లేట్‌లెట్లు పడిపోతాయి, రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతుందో చెప్పే ఐఎన్‌ఆర్ అనే అంకె పెరుగుతుంది. అలాంటి పొట్టలో సూది పెడితే రక్తం ఆగదేమోనన్న భయం ఆసుపత్రుల్లో పాతుకుపోయింది. ముందు ఆ ప్రొటీన్లుండే ప్లాస్మా ఎక్కించాలి, తర్వాతే నీరు తీయాలి అన్నది అలవాటైంది. ప్లాస్మాకు బ్లడ్ బ్యాంక్ కావాలి, బ్లడ్ బ్యాంక్ మండల కేంద్రంలో ఉండదు. అలా ఒక చిన్న సూది పని పెద్దాసుపత్రి పని అయిపోయింది.

1986లో అమెరికా డాక్టర్ బ్రూస్ రన్యన్ 125 మంది రోగులకు 229 సార్లు నీరు తీసిన అనుభవాన్ని ప్రచురించారు. వాళ్లలో ఎక్కువమందికి గడ్డకట్టే పరీక్ష తేడాగానే ఉంది. రక్తం ఎక్కించాల్సినంతగా పొట్ట గోడలో రక్తం చేరడం నూటికి ఒకటి కన్నా తక్కువ సార్లే జరిగింది. నీరు తీయడం వల్ల ఎవరూ చనిపోలేదు. కారణం తర్వాత ఇంకా స్పష్టమైంది. గడ్డకట్టించే ప్రొటీన్లతో పాటు గడ్డకట్టకుండా ఆపే ప్రొటీన్లు కూడా లివర్‌లోనే తయారవుతాయి, జబ్బులో రెండూ తగ్గుతాయి. ఐఎన్‌ఆర్ మొదటి వైపునే కొలుస్తుంది. 2009 నాటికి అమెరికా లివర్ నిపుణుల మార్గదర్శకాలు నీరు తీసే ముందు అందరికీ ప్లాస్మా, ప్లేట్‌లెట్లు ఎక్కించే అలవాటు వద్దని చెప్పాయి. శరీరమంతటా రక్తం గడ్డకట్టే వ్యవస్థ కుప్పకూలిన రోగి సంగతి వేరు, అతని జోలికి పల్లెలో పోకూడదు.

ఈ మాట పల్లెకు చేరలేదు. పల్లె డాక్టరు చదువుకున్నదీ హౌస్ సర్జన్సీ చేసిందీ పెద్దాసుపత్రిలోనే. "ఐఎన్‌ఆర్ చూశావా, ప్లాస్మా తెప్పించావా" అని సీనియర్లు అడగ్గా విన్నది అక్కడే. చీటీ ఖాళీగా ఉందని ఈరోజు విసుక్కునేవాళ్లు ఈ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి.

రెండో మలుపు 1992. అంతకుముందు నీటిలో మొత్తం ప్రొటీన్ 2.5 గ్రాములు దాటిందా లేదా అని చూసి జబ్బును ఊహించేవారు. రన్యన్ బృందం ఒకే రోజు తీసిన రక్తం, పొట్ట నీరు నమూనాలు 901 జతలు పోల్చింది. రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్ కొలత నుంచి నీటిలోని ఆల్బుమిన్ తీసేస్తే 1.1 లేదా అంతకన్నా ఎక్కువ మిగిలితే, లివర్‌కు వెళ్లే రక్తనాళంలో ఒత్తిడి పెరగడం వల్ల నీరు చేరిందని అర్థం. 1.1 కన్నా తక్కువైతే టీబీ, క్యాన్సర్ లాంటివి వెతకాలి. ఈ తీసివేత నూటికి 97 సార్లు సరైన జవాబిచ్చింది, పాత పద్ధతి 56 సార్లే. టీబీ ఎక్కువగా ఉన్న మన దగ్గర దీని విలువ ఇంకా పెద్దది. పొట్ట టీబీ ఉన్నవాణ్ని తాగుడు వల్ల లివర్ చెడిందనుకుని నెలల తరబడి నీటి మాత్రలతో నడిపిస్తే ప్రాణం మీదకు వస్తుంది. ఇంత పనికీ కావాల్సింది రెండు ఆల్బుమిన్ పరీక్షలు మాత్రమే.

ఒక ఊహా చీటీతో చూద్దాం. ఏజెన్సీ మండలానికి చెందిన 46 ఏళ్ల కూలీ, బరువు 55 కిలోలు. మూడు వారాలుగా కామెర్లు, పది రోజులుగా పొట్ట ఉబ్బు, పదిహేనేళ్లుగా రోజూ సారా. కామెర్లకు పసరు తాగాడు. ఒళ్లు నొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గర రెండుసార్లు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేయించుకున్నాడు. కామెర్ల తీవ్రత చూపే బిలిరుబిన్ 7.2, ఐఎన్‌ఆర్ 1.9, కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ 1.4. రెండు నెలల కింద జ్వరానికి వచ్చినప్పుడు క్రియాటినిన్ 0.8. పొట్ట ఎడమ కింది భాగంలో సూది పెట్టి 30 మిల్లీలీటర్లు తీశారు. రక్తంలో ఆల్బుమిన్ 2.4, నీటిలో 0.8, తేడా 1.6. నీటిలో తెల్లకణాలు 640, అందులో ఇన్ఫెక్షన్‌తో పోరాడే రకమైన న్యూట్రోఫిల్స్ 80 శాతం.

పట్నంలో ఎంత పెద్ద స్కాన్ తీసినా తెలియని సంగతులు ఇందులో మూడున్నాయి. పసరు, డైక్లోఫెనాక్, రెండు నెలల కిందటి క్రియాటినిన్. 1.4 అంకె ఒక్కటే చూస్తే పెద్ద ప్రమాదంగా అనిపించదు. 0.8 నుంచి 1.4కు పెరిగిందని తెలిస్తే కిడ్నీ దెబ్బతింటోందని, నొప్పి ఇంజెక్షన్ దానికి తోడై ఉండొచ్చని, నీటి మాత్రలు ఇప్పుడే మొదలుపెట్టకూడదని అర్థమవుతుంది. బిలిరుబిన్, ఐఎన్‌ఆర్, క్రియాటినిన్ కలిపి లెక్కిస్తే లివర్ జబ్బు తీవ్రతను చెప్పే మెల్డ్ స్కోరు ఇతనికి 24 వస్తుంది. ట్రాన్స్‌ప్లాంట్ విభాగాలు అడిగేది ఆ స్కోరే.

ఇక నీటిలోని కణాలు. 640లో 80 శాతమంటే 512 న్యూట్రోఫిల్స్. 250 దాటితే పొట్ట నీటికి ఇన్ఫెక్షన్ వచ్చినట్టే లెక్క, జ్వరం లేకపోయినా, పొట్ట నొప్పి లేకపోయినా. క్రిములను పెంచి చూసే కల్చర్ రిపోర్టు కోసం ఆగకూడదు, యాంటీబయాటిక్ అప్పుడే పడాలి. ఇన్ఫెక్షన్ ఉన్న రోగులను ఆసుపత్రిలో చేరాక 12 గంటలు దాటి నీరు తీసి చూస్తే, ముందే తీసినవాళ్లకన్నా మరణ ముప్పు 2.7 రెట్లు ఎక్కువని 2014లో ఒక అధ్యయనం తేల్చింది. ఏజెన్సీ నుంచి పట్నం దాకా ప్రయాణం, క్యాజువాలిటీలో నిరీక్షణ, మర్నాటి రౌండ్స్ దాకా వాయిదా కలిస్తే 12 గంటలు ఎప్పుడో దాటిపోతాయి. కల్చర్ సీసాలో మంచం పక్కనే నీరు పోసి, సెఫ్‌ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్ మొదటి డోసు ఇచ్చి, ఇచ్చిన టైం చీటీలో రాసి పంపితే ఆ గంటలన్నీ రోగికి మిగులుతాయి.

పల్లె డాక్టర్ల మాట ఇది. ఒక్కడే డాక్టరు ఉన్న చోట, సూది పెట్టాక రోగి దారిలో చనిపోతే బంధువులు ఆ సూదినే తప్పుపడతారు. ల్యాబ్ మధ్యాహ్నానికే మూసేస్తారు, కణాలు లెక్కపెట్టడానికి మైక్రోస్కోపు ఉన్నా టెక్నీషియన్ ఉండడు. కష్టపడి వివరంగా రాసిన చీటీని పట్నంలో పక్కన పడేసి పరీక్షలన్నీ మొదటి నుంచి చేస్తారు. రోగికి చివరకు ఏం తేలిందో ఒక్క ముక్క వెనక్కి రాదు. అందుకే వాళ్లు అడిగేవి కూడా సాదాగా ఉన్నాయి. నీరు తీయొచ్చని జిల్లా స్థాయిలో రాతపూర్వక ఆదేశం, రాత్రిపూట ఫోన్ ఎత్తే లివర్ డాక్టరు, డిశ్చార్జ్ సమ్మరీ నకలు. వీటికి లివర్ విభాగాల నుంచి ఇచ్చే జవాబు సిబ్బంది కొరత.

ఇంకా తేలనిది ఆల్బుమిన్. ఇన్ఫెక్షన్ ఉన్న ఇలాంటి రోగికి యాంటీబయాటిక్‌తో పాటు మొదటి రోజు కిలోకు 1.5 గ్రాములు, మూడో రోజు కిలోకు 1 గ్రాము ఆల్బుమిన్ ఎక్కిస్తే కిడ్నీ దెబ్బతినడమూ మరణాలూ తగ్గుతాయని 1999లో స్పెయిన్ పరిశోధకులు చూపారు. మన కూలీ బరువుకు మొదటి రోజే 82.5 గ్రాములు, అంటే 20 శాతం ఆల్బుమిన్ వంద మిల్లీలీటర్ల సీసాలు దాదాపు నాలుగు. ఒక్కో సీసా వేల రూపాయలు. మండల ఆసుపత్రి ఫార్మసీలో అది దొరకదు. సూది పల్లెలోనే పెట్టాలని ఒప్పుకున్న లివర్ డాక్టర్లు కూడా ఆ నాలుగు సీసాలు ఎవరి బడ్జెట్‌లోంచి రావాలన్న దగ్గర ఆగిపోతున్నారు.