ఫుల్ కాస్ట్ కన్నా తక్కువకి పక్క డివిజన్‌కి ఇస్తే నష్టమేనా?

అపోహ: "ఫుల్ కాస్ట్ రాకుండా ఇస్తే మన డివిజన్ మునిగిపోతుంది."

కాస్టింగ్‌లో పనిచేస్తూ ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, దీనివల్ల పోయే డబ్బు ఇంకే అపోహ వల్లా పోదు. నేను చేసిన ఒక కంపెనీలో జరిగిందే చెప్తా, అంకెలు మాత్రం రౌండ్ చేశా. మోటార్లు చేసే డివిజన్ కెపాసిటీ నెలకి 10,000, బయట అమ్మేది 6,000. వేరియబుల్ కాస్ట్ 60, ఫిక్స్‌డ్ వాటా 25, బయట రేటు 100. పంపులు చేసే డివిజన్‌కి 4,000 మోటార్లు కావాలి, బయట సప్లయర్ 90కే ఇస్తానన్నాడు. మోటార్ల మేనేజర్ ఫుల్ కాస్ట్ 85 మీద 10 వేసి 95 చెప్పాడు, పంపులవాళ్ళు బయట కొనేసుకున్నారు. ఇక్కడ 4,000 మోటార్ల కెపాసిటీ ఖాళీగా ఉంది, అయినా 60తో అయ్యేదానికి కంపెనీ 90 కట్టింది, అంటే నెలకి 1,20,000 పోయింది.

వాస్తవం: పక్క డివిజన్‌కి ఇచ్చే కనీస ధర అంటే వేరియబుల్ కాస్ట్, దాని మీద వదులుకునే కాంట్రిబ్యూషన్, అంటే బయట అమ్మితే వేరియబుల్ కాస్ట్ పోను మిగిలేది. ఖాళీ ఉంటే వదులుకునేది ఏమీ లేదు కాబట్టి 60 చాలు. ఆ 25 మోటారు చేసినా చేయకపోయినా ఎలాగూ కట్టాల్సిందే కదా. ఆ మేనేజర్ భయం నాకు అర్థమవుతుంది, 60కి ఇస్తే తన రిపోర్ట్‌లో పెరిగే లాభం సున్నా, బోనస్ దానిమీదే. అందుకే 60కీ 90కీ మధ్య ఎక్కడో, 75 దగ్గర సెటిల్ చేస్తే ఇద్దరికీ మోటారుకి 15 మిగులుతుంది.

అపోహ: "అయితే ఎప్పుడూ లోపలే కొనాలి."

కాదు. కెపాసిటీ ఫుల్‌గా ఉంటే ఒక్క మోటారు లోపలికి ఇవ్వాలన్నా బయట వచ్చే 40 కాంట్రిబ్యూషన్ వదులుకోవాలి, కనీసం 100 అవుతుంది. పంపులవాళ్ళు ఇచ్చే గరిష్ఠం సప్లయర్ రేటు 90. అసలు బేరానికి చోటే లేదు, బయట కొనడమే కరెక్ట్.

ఎక్కువమంది తప్పేది ఈ రెండిటి మధ్యలో. బయట ఆర్డర్లు 7,000కి పెరిగాయనుకోండి, ఖాళీ 3,000, మిగతా 1,000కి బయట అమ్మకం తగ్గించాలి. 40,000 కాంట్రిబ్యూషన్‌ని 4,000 మీద పంచితే 10, కనీస ధర 70, గరిష్ఠం 90, ఇంకేం మొత్తం లోపలే కొనేయండి అంటారు. నేనూ మొదట్లో అలాగే అనేవాడిని. కానీ ఆ చివరి 1,000 మోటార్లకి నిజమైన కనీసం 100, సగటు తీయడంతో అది కనపడకుండా పోయింది. అంతా బయట కొనడంతో పోలిస్తే, మొత్తం లోపల కొంటే కంపెనీకి మిగిలేది 80,000, 3,000 లోపల కొని 1,000 బయట కొంటే 90,000. సప్లయర్ 1,000 అంత చిన్న ఆర్డర్ తీసుకోనంటేనే ఆ 70 లెక్క పనికొస్తుంది.

గరిష్ఠం కూడా ఎప్పుడూ సప్లయర్ రేటే కాదు. పంపు 150కి అమ్ముడుపోయి, దానికి ఇంకో 70 ఖర్చుంటే పంపులవాళ్ళు 80 మించి ఇవ్వలేరు, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అదే గరిష్ఠం. లోపలికి ఇచ్చినప్పుడు ప్యాకింగ్, కమిషన్ మిగిలితే కనీసంలోంచి తీసేయండి, ఇది మాత్రం అందరూ మర్చిపోతారు.