కట్ట విప్పడం నుంచి కాగితం దాకా: తీసివేత లెక్క వెనుక కథ

53లోంచి 27 తీసివేయమని మూడో తరగతి పిల్లలకు ఇస్తే సాధారణంగా నాలుగు జవాబులు వస్తాయి. 26 రాసినవారికి లెక్క వచ్చినట్టే. 34 రాసినవారు ఒకట్ల స్థానంలో పైన 3, కింద 7 చూసి, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేశారు. 36 రాసినవారు 3ను 13 చేసుకున్నారు కానీ పదుల్లో ఒకటి తగ్గించడం మరిచారు. ఇక 16 రాసిన బిడ్డ సంగతి వేరు. ఆ బిడ్డ ఏదీ మరవలేదు. పైనున్న 5ను 4 చేసి, కిందున్న 2ను కూడా 3 చేశాడు. ఇంట్లో ఒక పద్ధతి, బడిలో మరో పద్ధతి నేర్చుకుని రెండింటినీ బుద్ధిగా పాటించాడు.

గ్రామీణ పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే తీసివేతను ఇలాంటి లెక్కతోనే పరీక్షిస్తుంది: రెండంకెల సంఖ్యలు, పదిని విడదీయక తప్పని లెక్క. 2022లో దేశవ్యాప్తంగా మూడో తరగతి పిల్లల్లో కనీసం ఈ మెట్టు ఎక్కినవారు 25.9 శాతం. 2024లో అది 33.7కు చేరింది. మూడింట రెండు వంతుల మంది ఆగిపోతున్న మెట్టు ఇది. పదేసి పుల్లల్ని కట్టగా కట్టి, విప్పి తీసివేత చూపించే పుల్లల కట్టలు బడుల్లో కొత్తగా వచ్చినవేమీ కావు. అవి ఉండగానే ఇలా ఎందుకు జరుగుతోందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

తెలుగులో గణితాన్ని పద్యాల్లో చెప్పిన పావులూరి మల్లన పదకొండో శతాబ్దివాడు. ఆయన అనుసరించిన మూలం మహావీరాచార్యుడి తొమ్మిదో శతాబ్ది గ్రంథం. అందులో చెప్పిన పరికర్మలు, అంటే లెక్కలోని మూల ప్రక్రియలు, గుణకారంతో మొదలవుతాయి. మామూలు కూడిక, తీసివేత అందరికీ వచ్చే ఉంటాయన్నది ఆనాటి పండితుల ధీమా. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు వాటికి ఒక్క ముక్క కేటాయించాడు: ఏ స్థానానికి ఆ స్థానంలో, కుడి నుంచి గానీ ఎడమ నుంచి గానీ చేయవచ్చు. ఎడమ నుంచి ఎలా చేస్తారని ఇప్పటి టీచరుకు సందేహం రావచ్చు. అప్పుడు లెక్క ధూళి పలక మీద, అంటే దుమ్ము పరిచిన పలక మీద వేలితో రాస్తూ సాగేది. 5లోంచి 2 పోతే 3 అని రాసి, పక్క స్థానానికి చాలలేదని తేలితే ఆ 3ను వేలితో చెరిపి 2 చేస్తే సరిపోయేది. చెరిపిన గుర్తు కూడా మిగలదు.

కాగితం మీద ఆ సౌకర్యం లేదు. రాసిన అంకెను మార్చాలంటే కొట్టివేయాలి, లేదా మనసులో గుర్తుంచుకోవాలి. ఈ ఇబ్బందిని దాటడానికి రెండు దారులు స్థిరపడ్డాయి. మొదటిది పదిని విడదీసేది: 53 అంటే 4 పదులు, 13 ఒకట్లు. రెండోది పైకీ కిందికీ సమానంగా పది కలిపేది. పైన ఒకట్లకు పది కలిపి 13 చేస్తారు, కింద పదుల్లో ఒకటి కలిపి 27ను 37 చేస్తారు. రెండు సంఖ్యలూ పదేసి పెరిగాయి కనుక తేడా మారదు. బ్రిటన్ బడుల్లో ఈ రెండో పద్ధతి ఇరవయ్యో శతాబ్దం మధ్య దాకా విస్తారంగా సాగింది. మన వైపు కూడా పాత తరం వాళ్లలో కొందరు ఇప్పటికీ ‘పైన పది తెచ్చుకో, కింద ఒకటి కలుపు’ అంటూ ఇలాగే చేస్తారు. పద్ధతిలో తప్పేమీ లేదు. వేగం కూడా ఎక్కువే. అయితే పుల్లలతో చూపిద్దామంటే కుదరదు. 53 పుల్లలున్న చోటికి మరో పది ఎక్కడి నుంచో తేవాలి, తీసేసే 27కూ మరో పది చేర్చాలి. రెండో తరగతి బిడ్డకు అది గారడీలా ఉంటుంది.

ఈ రెండు దారుల పోటీని అమెరికాలో బ్రౌనెల్, మోజర్ అనే పరిశోధకులు మూడో తరగతి పిల్లల మీద పరీక్షించి 1949లో ఫలితాలు ప్రకటించారు. పిల్లల్ని నాలుగు గుంపులు చేశారు: రెండు పద్ధతులు, ఒక్కోదాన్నీ అర్థం చెప్పి ఒక గుంపుకు, యాంత్రికంగా ఇంకో గుంపుకు నేర్పారు. అర్థం చెప్పి నేర్పినప్పుడు పదిని విడదీసే పద్ధతి మెరుగని తేలింది. సమానంగా కలిపే పద్ధతికి కారణం చెప్పి ఒప్పించడమే కష్టమైంది. అంతకు పదేళ్ల ముందే బ్రౌనెల్ మరో సంగతి పరిశీలించాడు: అంకెను కొట్టి పైన చిన్నగా కొత్త అంకె రాసుకోవడం. ఆ రాతను చిన్నతనంగా చూసేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నా మట్టుకు ఆ చిన్న అంకే కట్ట విప్పిన చేతికి మిగిలే ఏకైక సాక్ష్యం. దాన్ని నిషేధించే టీచర్లను చూస్తే నాకు చిరాకు.

పుల్లలు మన బడుల్లోకి ప్రభుత్వ కార్యక్రమాలతో గట్టిగా వచ్చాయి. 1980లలో బ్రిటన్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు కృత్యాలతో బోధించాలని చెప్పింది. 1996లో జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం రాష్ట్రంలో మొదట అయిదు జిల్లాల్లో అడుగుపెట్టింది, వాటిలో విజయనగరం ఒకటి. బోధన సామగ్రికి టీచరుకు ఏటా 500 రూపాయలు ఇచ్చేవారు. ఆ డబ్బు చాలా చోట్ల గోడ చార్టులకు పోయింది. పుల్లలకు డబ్బు అక్కరలేదు గనుక అవీ వచ్చాయి, కానీ ఒక పూట కృత్యంగానే ఉండిపోయాయి. పొద్దున పుల్లలు, మధ్యాహ్నం నోటుబుక్కు, రెండింటికీ సంబంధం లేదు. అసలు లోపం అక్కడుంది.

ఉద్దానం వైపు, కవిటి, సోంపేట ప్రాంతాల్లో కొబ్బరి ఈనెలకు కొదవ లేదు. ఎండిన ఈనెల్ని జానెడు ముక్కలుగా కోస్తే ఒక జట్టుకు కావలసినన్ని వస్తాయి. ఒక్కో జట్టుకు వంద పుల్లలు, కట్టడానికి సైకిలు ట్యూబు కోసి చేసిన రబ్బరు ముక్కలు చాలు. కట్టలు పిల్లలే లెక్కపెట్టి కట్టాలి, పక్కవాడు విప్పి సరిచూడాలి. తొమ్మిది పుల్లల కట్ట ఒక్కటి దొర్లినా తర్వాత జవాబులన్నీ తేడా వస్తాయి, బిడ్డ తన లెక్కే తప్పనుకుంటాడు. స్థానవిలువల చాపకు సిమెంటు సంచి వెనుక వైపు పనికొస్తుంది. నిలువుగా గీత గీసి, ఎడమ గడిలో ‘పదులు’, కుడి గడిలో ‘ఒకట్లు’ అని రాస్తే సరి.

ఇప్పుడు 53 − 27. చాప మీద 53 మాత్రమే పెట్టాలి: అయిదు కట్టలు, మూడు పుల్లలు. 27ను పుల్లలతో పెట్టకూడదు, చీటీ మీద రాసి పక్కనుంచాలి. రెండూ పెడితే పిల్లలు కలిపేస్తారు. ‘ఏడు పుల్లలు ఇవ్వగలవా?’ అని అడగాలి. మూడే ఉన్నాయి, ఇవ్వలేడు. ఒక కట్టను ఎడమ గడిలోంచి కుడి గడిలోకి జరిపి, అక్కడ రబ్బరు తీసి, పది పుల్లల్ని మూడింటిలో కలపాలి. ఇక్కడ ఆగాలి. నోటుబుక్కులో 5 కొట్టి పైన 4, 3 కొట్టి పైన 13 రాయించాలి. ‘ఇప్పుడు చాప మీద మొత్తం ఎన్ని?’ అని అడగాలి. 43 అన్నా, 63 అన్నా ముందుకు వెళ్లకూడదు. నాలుగు కట్టల్ని పదుల చొప్పున లెక్కించి, పదమూడు కలిపి, ఇంకా 53 ఉన్నాయని బిడ్డ తానే చెప్పాలి. ఆ తర్వాతే ఏడు పుల్లలు తీస్తే ఆరు, రెండు కట్టలు తీస్తే రెండు, మొత్తం 26. తీసిన 27ను మళ్లీ చాప మీద కలిపితే 53 రావాలి. చేతి పని ఒకటి, వెంటనే పెన్సిలు గుర్తు ఒకటి. ఈ జత తెగితే పుల్లలు ఆటవస్తువులే.

కొండ ప్రాంతంలో మరో చిక్కు ఉంది. సీతంపేట వైపు మాట్లాడే సవర భాషలో సంప్రదాయ లెక్క పన్నెండు, ఇరవైల మీద నడుస్తుంది. పదమూడు అంటే పన్నెండూ ఒకటి. 53 అంటే రెండు ఇరవైలు, ఒక పన్నెండు, ఒకటి. ఆ లెక్క వింటూ పెరిగిన బిడ్డకు పది పుల్లలకే కట్ట ఎందుకు కట్టాలో తనంతట తోచదు. తీసివేతకు ముందు కట్టడం, విప్పడం మీద ఎక్కువ రోజులు గడపాలి. దాన్ని వెనుకబాటుగా రాసుకుంటే అన్యాయం.

అభ్యాస పత్రం సంగతి. 1978లో బ్రౌన్, బర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లల తీసివేత తప్పులు చాలావరకు అజాగ్రత్త వల్ల కావని, తప్పు పద్ధతిని నమ్మకంగా పాటించడం వల్ల వస్తాయని చూపారు. అలాంటప్పుడు పత్రంలోని లెక్క తప్పును బయటపెట్టేలా ఉండాలి. 52 − 27 ఇచ్చామనుకోండి. పెద్దదాంట్లోంచి చిన్నది తీసిన బిడ్డకు 35 వస్తుంది. పదుల్లో తగ్గించడం మరిచిన బిడ్డకూ 35 వస్తుంది. ఒకట్ల అంకెల తేడా 5 అయితే రెండు తప్పులకూ ఒకే జవాబు, టీచరుకు ఏదీ తెలియదు. 53 − 27 అయితే 34, 36 విడివిడిగా బయటపడతాయి. పత్రం తయారు చేసేటప్పుడు తేడా 5 వచ్చే జతల్ని పక్కనపెట్టాలి.

మొదటి వరుసలో అసలు తీసివేత ఉండకూడదు. 53 = 4 పదులు, ___ ఒకట్లు; 71 = 6 పదులు, ___ ఒకట్లు అంటూ విడదీయడమే. రెండో వరుసలో ఒక్క అంకె తీసేవి: 53 − 7, 71 − 4. మూడో వరుసలో 53 − 27, 62 − 38 లాంటివి. ఈ మూడింటికీ లెక్క పక్కన చిన్న చాప బొమ్మ, అంకెల పైన ఖాళీ గళ్లు ఉండాలి. నాలుగో వరుస నుంచి చాప బొమ్మ తీసేయాలి. అక్కడ 76 − 42, 76 − 48 కలగలిపి ఇచ్చి, లెక్క చేయకముందే కట్ట విప్పాల్సినవాటికి టిక్కు పెట్టమనాలి. ఈ వరుస లేకపోతే పిల్లలు అవసరం ఉన్నా లేకున్నా ప్రతి లెక్కలోనూ పదిని కొట్టేస్తారు. అయిదో వరుసలో 60 − 24, 53 − 47. మొదటిదానికి 44 వస్తే సున్నాలోంచి తీయలేక తిరగేశారని అర్థం. రెండోదానికి 06 అని రాస్తే పదులు అయిపోయాయని చాప మీద చూపిస్తే చాలు.

సున్నా మధ్యలో ఉన్న మూడంకెల లెక్కల్ని ఈ పేజీలోనే ఇరికించకూడదు. 402 − 137కు వందల గడి చేర్చిన వేరే చాప కావాలి, పది కట్టలు కలిపి కట్టిన పెద్ద కట్టలు నాలుగు కావాలి. అంటే 402 పుల్లలు, కాబట్టి జట్టుకు కాక తరగతికి ఒకటే చాప పరవాలి. పెద్ద కట్ట విప్పితే పది కట్టలు. వాటిలో ఒకటి విప్పితే 3 వందలు, 9 పదులు, 12 ఒకట్లు. తీయగా మిగిలేది 265. పదుల గడి దాటేసి వందల కట్ట నుంచి నేరుగా ఒకట్లకు పది పుల్లలే తెచ్చుకున్న బిడ్డ పుస్తకంలో తప్పు కనిపెట్టలేడు. చాప మీద మాత్రం తొంభై పుల్లలు ఏమయ్యాయని పక్కవాడే అడుగుతాడు.