పదహారో లోడు: ఒక విడత చెడితే మిగతా ఆర్డరంతా రద్దు చేయవచ్చా?

ల్యాబ్ రిపోర్టులో ఒక లాట్ ఫెయిలవుతుంది. కొనుగోలుదారు ఆ లాట్ తిప్పి పంపడంతో ఊరుకోడు, మిగతా లాట్లూ వద్దని మెయిల్ పెడతాడు. అమ్మకందారు లాయర్ నోటీసు ఇస్తాడు. ఈ తగాదా మళ్లీ రాజుకున్నప్పుడల్లా ఇరుపక్షాలూ చూపేది 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోని 38(2) సెక్షనే. విడతలవారీగా సరుకు, విడతలవారీగా డబ్బు అన్న ఒప్పందంలో ఒక విడత లోపం మొత్తం ఒప్పందాన్నే భంగపరిచిందా, లేక ఆ ఒక్క విడతకు పరిహారంతో సరిపోతుందా అన్నది షరతులను, పరిస్థితులను బట్టి తేల్చాలంటుందది. ఏ కొలతతో తేల్చాలో మాత్రం చెప్పదు.

ఆ కొలత ఇంగ్లండ్ అప్పీలు కోర్టులో మేపుల్ ఫ్లాక్ కేసు ఇచ్చింది. 1934 నాటి లా రిపోర్టుల్లో ఉంది. మన సెక్షన్ 1893 నాటి ఇంగ్లిష్ చట్టాన్ని అనుసరించినదే కాబట్టి ఆ తీర్పు ఇక్కడి వాదనలకూ పనికొస్తుంది.

సరుకు చింకిగుడ్డలతో చేసిన దూది, ఫర్నిచర్ పరుపుల్లో కూరేది. మొత్తం 100 టన్నులు, లోడుకు ఒకటిన్నర టన్ను. పదిహేను లోడ్లలో తేడా లేదు. పదహారో లోడు శాంపిల్‌లో మాత్రం లక్ష భాగాలకు 250 భాగాల క్లోరిన్ తేలింది. చట్టం అనుమతించిన హద్దు 30. అలాంటి దూది వాడితే తామే నేరం చేసినట్టవుతుందన్నది కొనుగోలుదారు భయం, అది నిజమైన భయమే. అయినా రద్దు చెల్లదని కోర్టు తేల్చింది. చెడింది నూటికి ఒకటిన్నర వంతు. తర్వాతి లోడ్లు బాగానే వచ్చాయి, మళ్లీ అలా జరుగుతుందనడానికి ఆధారం లేదు. అంటే చూడవలసినవి రెండు: మొత్తంలో చెడిన వాటా ఎంత, అదే తప్పు మళ్లీ జరిగే అవకాశమెంత.

1930 నాటి మన్రో కేసులో ఇవే రెండూ ఎదురు తిరిగాయి. 1,500 టన్నుల మాంసం, ఎముకల పొడిలో దాదాపు సగం అందాక, అందులో కోకో పొట్టు కలిసిందని తేలింది. అక్కడ మిగతా సరుకు వద్దనే హక్కు కొనుగోలుదారుకు దక్కింది.

నేటి తగాదాల్లో వాటా లెక్కకు కాలిక్యులేటర్ చాలు. గొడవంతా రెండో ప్రశ్న మీదే. ఒక రోజు డ్రయ్యర్ చెడిందా, లేక ముడిసరుకు సరఫరాదారే మారాడా? మొదటిదైతే అది విడి లోపం. రెండోదైతే వచ్చే లాట్లనూ అనుమానించాల్సిందే. తేల్చేది బ్యాచ్ రికార్డు, ఇరుపక్షాలూ సీలు వేసి దాచిన శాంపిల్. అది అడగకుండా మొదటి రిపోర్టు రాగానే రద్దు మెయిల్ పెట్టినవారు, తర్వాతి లాట్లు పాసైతే తామే ఒప్పంద భంగానికి పరిహారం కట్టాల్సి రావచ్చు. చెడిన లాట్‌ను తిరస్కరిస్తున్నట్టు మాత్రం వెంటనే రాయాలి. సముచిత కాలం దాటినా ఏమీ తెలపకుండా దగ్గరే ఉంచుకుంటే 42వ సెక్షన్ ప్రకారం అంగీకరించినట్టే.