పరుపు యాడ్‌లో సుఖాన్ని ఎలా చూపించాలి? అపోహలు - వాస్తవాలు

పరుపుల యాడ్‌లకు స్క్రిప్టులు రాయడం నా పని. టీవీ ముందు కూర్చున్నవాళ్లు పరుపును చేత్తో నొక్కి చూడలేరు. వాళ్ల తరఫున కెమెరా ఏం నొక్కి చూపించగలదు అన్నదే మా పనిలో అసలు ప్రశ్న.

అపోహ: హాయిగా నిద్రపోతున్న ముఖం చూపిస్తే చాలు.

వాస్తవం: ఆ ముఖం నటిది. చాప మీద పడుకోబెట్టినా అంతే హాయిగా కళ్లు మూసుకుంటుంది. ఆ షాట్‌లో పరుపు గురించి ఏమీ లేదు. దాని బదులు నటిని పక్కకు తిరిగి పడుకోమని, మెడ నుంచి నడుము కిందిదాకా వెన్నెముక వెంట టీషర్టు మీద చుక్కల స్టిక్కర్లు అంటించి, వెనక నుంచి తీయండి. పరుపు మరీ గట్టిదైతే భుజం, తుంటి దిగవు, మధ్యలో నడుము కిందకు వేలాడుతుంది. మరీ మెత్తదైతే తుంటి కూరుకుపోతుంది. రెండింట్లోనూ చుక్కల వరస వంగిపోవడం ఎవరికైనా కనిపిస్తుంది. అయితే 50 కిలోల మనిషికి సరిగ్గా వచ్చిన వరస 90 కిలోల మనిషికి రాకపోవచ్చు. అందుకే నేను ఇద్దరినీ పడుకోబెడతాను. ఒకరికి సరిపడకపోతే ‘అందరికీ’ అన్న మాట స్క్రిప్టులోంచి కొట్టేస్తాను.

అపోహ: స్లో మోషన్ అందం కోసమే, అందులో మోసం లేదు.

వాస్తవం: మిగతా వస్తువులకు ఏమో గానీ, పరుపు విషయంలో ఉంది. మెమరీ ఫోమ్ గొప్పే చెయ్యి తీశాక గుంట నెమ్మదిగా పూడటం. మామూలు ఫోమ్‌ని సెకనుకు 100 ఫ్రేములతో తీసి 25 ఫ్రేములతో చూపిస్తే అదీ మెమరీ ఫోమ్‌లాగే లేస్తుంది. గది చలి కూడా లెక్కలోకి వస్తుంది. ఏసీ బాగా పెంచిన స్టూడియోలో మెమరీ ఫోమ్ బిగుసుకుని ఇంకా ఆలస్యంగా పూడుతుంది. కాబట్టి ఆ షాట్ అసలు వేగంలోనే, పడకగదిలో ఉండేంత చల్లదనంలోనే తీయాలి.

అపోహ: పరుపు మీద నీళ్ల గ్లాసు పెట్టి పక్కన గెంతితే, సుఖం రుజువైనట్టే.

వాస్తవం: గ్లాసు ఒక్క సంగతే చెబుతుంది: ఒకరు కదిలితే రెండోవారి దాకా ఆ కుదుపు ఎంత వెళ్తుందో. నడుము నొప్పి గురించి, ఉక్కపోత గురించి అది ఏమీ చెప్పదు.

ఒక కంపెనీ పాకెట్ స్ప్రింగ్ పరుపుకు 30 సెకన్ల యాడ్ రాశాను. నైట్ డ్యూటీ దిగి వచ్చిన భర్త మంచం మీద కూర్చుంటాడు, భార్యకు మెలకువ రాదు. అది నిజమని చూపడానికి పరుపు మీద నీళ్ల గ్లాసు పెట్టి నటుడిని పక్కన గెంతించాలనుకున్నాం, పోలికకు అదే కంపెనీ బొన్నెల్ పరుపు తీసుకున్నాం. బొన్నెల్‌లో స్ప్రింగులన్నీ తీగతో ఒకదానికొకటి కట్టి ఉంటాయి కాబట్టి ఒకటి దిగితే పక్కవి కూడా లాగబడతాయి. పాకెట్‌లో ప్రతి స్ప్రింగూ తన గుడ్డ సంచిలో విడిగా నొక్కుకుంటుంది.

మొదటి టేక్‌లో పాకెట్ పరుపు మీది గ్లాసు కూడా ఒలికింది. తప్పు పరుపుది కాదు. నటుడు గెంతడంతో చెక్క మంచమే ఊగింది. అడుగు బరువైన గ్లాసు పెడదామని, లేదా గ్లాసును అవతలి అంచుకు జరుపుదామని సెట్‌లో సలహాలు వచ్చాయి. రెండూ వద్దన్నాను. 60 అంగుళాల పరుపు మీద ఇద్దరి మధ్య దూరం సుమారు రెండున్నర అడుగులే. భార్య భుజం ఉండే చోటే గ్లాసు ఉండాలి. చివరికి గెంతడం తీసేశాం. ఇంట్లో ఎవరూ పడుకున్న మనిషి పక్కన గెంతరు, వచ్చి కూర్చుంటారు. రెండు పరుపులకీ ఒకే మంచం, ఒకే గ్లాసు, ఒకే నటుడు. కెమెరా కదలదు, మధ్యలో కట్ లేదు. బొన్నెల్ మీద నీళ్లు తొణికి దుప్పటి తడిసింది. పాకెట్ మీద నీళ్లు కాస్త వణికి ఆగాయి. ఆ వణుకును ఎడిటింగ్‌లో తీసెయ్యనివ్వలేదు. అది ఉంటేనే చూసేవాళ్లు నమ్ముతారు.

అపోహ: కింద చిన్న అక్షరాల్లో ‘ఊహాచిత్రం’ అని వేస్తే సరిపోతుంది.

వాస్తవం: షేవింగ్ క్రీమ్ రాసి గరుకు కాగితాన్ని కూడా గీయవచ్చని అమెరికాలో ర్యాపిడ్ షేవ్ యాడ్ చూపించింది. నిజానికి అది ఇసుక చల్లిన ప్లెక్సీగ్లాస్. ఆ సంగతి దాచి రుజువులా చూపడం మోసమేనని 1965లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. మన దేశంలో 2022లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం డిస్‌క్లెయిమర్ యాడ్‌లోని మాటకు ఎదురు చెప్పకూడదు, ఆ మాట ఏ భాషలో ఉందో అదే భాషలో ఉండాలి. అందుకే మా యాడ్‌లో ముఖ్యమైన షరతును కింద చిన్న అక్షరాలకు వదల్లేదు, నటుడి చేతే పలికించాం: “నేను కూర్చుంటే తనకు తెలియదు. మంచమే ఊగితే మాత్రం పరుపేం చెయ్యలేదు.”