పీఎఫ్ లేని పని కంపెనీకి తెలియదా? ఉద్యోగంతో పాటు ఆన్‌లైన్ ఆదాయం: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లోని ఒక ఐటీ సంస్థలో హెచ్‌ఆర్ విభాగంలో పనిచేస్తున్నాను. ఉద్యోగులపై వచ్చే ఫిర్యాదులు, క్రమశిక్షణ విచారణలు చూడటం నా పని. ఆఫీసు వేళల తర్వాత ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పేవారు, వీడియోలు ఎడిట్ చేసేవారు, వెబ్‌సైట్లు తయారుచేసి ఇచ్చేవారు నా దగ్గరకు వస్తుంటారు. అందరూ ముందుగా అడిగేది ఒకటే: "మేడమ్, దానికి పీఎఫ్ కట్ కాదు కదా, కంపెనీకి ఎలా తెలుస్తుంది?"

అపోహ: పీఎఫ్ లేని పని కంపెనీకి తెలియదు, కాబట్టి అడగనక్కర్లేదు

ఇందులో మొదటి సగం కొంతవరకు నిజమే. ఒకే సమయంలో రెండు కంపెనీలు పీఎఫ్ జమచేస్తే మీ పీఎఫ్ సభ్యత్వ సంఖ్య అయిన యూఏఎన్ రికార్డులో తేదీలు ఒకదానిపై ఒకటి పడతాయి, తర్వాతి ఉద్యోగానికి జరిగే తనిఖీలో అది బయటపడుతుంది. ఫ్రీలాన్స్ పనికి ఆ చిక్కు లేదు. మీ ఆదాయం, పన్ను వివరాలు చూపే ఫారం 26ఏఎస్, ఏఐఎస్ కూడా కంపెనీకి కనిపించవు. "ఆదాయపు పన్ను శాఖ కంపెనీకి మెయిల్ పంపుతుంది" అన్న వాట్సాప్ పుకారుతో నిద్ర పాడుచేసుకున్నవారిని చూశాను. అలాంటి ఏర్పాటేమీ లేదు. ఆ భయం వదిలేయండి.

కానీ మా దగ్గరకు వచ్చే కేసులు పీఎఫ్ ద్వారా రావు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో బయటి క్లయింటు ఫైలు తెరిస్తే ఆ జాడ మిగులుతుంది. లింక్డ్‌ఇన్‌లో ఎవరో మెచ్చుకుంటూ సమీక్ష రాస్తారు. పక్క టీమ్‌లోని వ్యక్తి చెబుతాడు. అన్నిటికంటే ఎక్కువగా, పగటి పని తడబడుతుంది. మేనేజర్ కారణం వెతకడం మొదలుపెడతాడు.

అప్పటికి కూడా చాలామంది ఉద్యోగం నిలబడే అవకాశం ఉంటుంది. దాన్ని చెడగొట్టేది ఏడాదికోసారి కంపెనీకి నింపి ఇచ్చే స్వీయ ప్రకటన. "మీకు ఇతర ఉద్యోగం, వ్యాపారం, ఆదాయం వచ్చే పని ఏదైనా ఉందా?" అని ఆ ఫారం అడుగుతుంది. చదవకుండా "లేదు" అని టిక్ పెట్టి పంపేస్తారు. అనుమతి తీసుకోకపోవడం ఒక నిబంధన ఉల్లంఘన, దానికి హెచ్చరికతో సరిపెట్టే దారి ఉంటుంది. రాతపూర్వకంగా అబద్ధం చెప్పడం నిజాయితీకి సంబంధించిన ఆరోపణ, అక్కడ మేనేజర్ వెనకేసుకొచ్చినా ఫలితం ఉండదు. నెలకు కొన్ని వేలు తెచ్చే పని కోసం, ముందే అడిగి ఉంటే "సరే" అనేవారేమో అనిపించే పని కోసం, ఉద్యోగం పోగొట్టుకున్నవారిని చూసి నాకు బాధేస్తుంది.

అడిగితే ఒప్పుకోరన్నది కూడా నిజం కాదు. 2022 సెప్టెంబరులో విప్రో చైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ పోటీ సంస్థలకు పనిచేస్తున్న 300 మందిని గుర్తించి తొలగించామని చెప్పారు. ఆ వార్తే అందరికీ గుర్తుండిపోయింది. మరుసటి నెల ఇన్ఫోసిస్, మేనేజర్, హెచ్‌ఆర్‌ల ముందస్తు అనుమతితో, పోటీ లేని చోట బయటి పనులు చేసుకోవచ్చని ఉద్యోగులకు తెలిపింది. ఆ సంగతి చాలామందికి తెలియదు.

అపోహ: చట్టంలో నిషేధం లేదు, కంపెనీ ఏమీ చేయలేదు

2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్ అమల్లోకి వచ్చేదాకా, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 60వ సెక్షన్ ఒకే రోజు రెండు ఫ్యాక్టరీల్లో పనిచేయడాన్ని నియంత్రించేది. సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఫ్యాక్టరీ కాదు, నిజమే. కానీ మీరు సంతకం చేసిన నియామక పత్రం ఉంది. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఇంకొకరికి పనిచేయకూడదన్న షరతు సాధారణంగా చెల్లుతుందని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది. ఆ పత్రంలో "ముందస్తు లిఖితపూర్వక అనుమతి" అన్న మాట ఎక్కడుందో వెతకండి. "వేతనం ఉన్నా లేకపోయినా" అని కూడా ఉంటే ఉచితంగా చేసే పనికీ అనుమతి కావాలి. మీరు రాసే కోడ్, డిజైన్‌లపై హక్కు ఎవరిదో చెప్పే పేరా కూడా చదవండి. కొన్ని కంపెనీలు దాన్ని చాలా విస్తృతంగా రాస్తాయి.

అపోహ: రోజుకు గంటే కదా, అలసట ఏముంది

మా సంస్థలోనే ఒక టెస్టర్ అమ్మాయి అమెరికాలోని తెలుగు పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పేది. అక్కడ తూర్పు రాష్ట్రాల్లో రాత్రి 8 గంటలంటే మనకు తెల్లవారుజామున 5.30. ఆమె ఆఫీసు షిఫ్టు మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 11 దాకా. పడుకునేసరికి 12.30, లేచేది 5కి. నవంబరులో అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పగానే క్లాసు 6.30కి మారింది. గంట ఎక్కువ నిద్ర దొరుకుతుందనుకుంది. కానీ ఖాళీ అయిన 5.30కి మరో విద్యార్థిని తీసుకుంది.

కాగితం మీద గంటలు రాయమన్నాను. ఆఫీసు 45. వారంలో ఐదు రోజులు, పాఠానికీ తయారీకీ కలిపి రోజుకు గంటన్నర చొప్పున ఏడున్నర. శని, ఆదివారాలు మూడేసి గంటలు. మొత్తం 58.5. కొత్త విద్యార్థి ఇంకా ఇందులో లేడు. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి, 35-40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ప్రకటించాయి. ఆ సంఖ్యను ఆమె చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

బర్నౌట్ అంటే ఒళ్లు అలిసిపోవడం ఒక్కటే కాదు. పని మీద విరక్తి, ఏదీ సరిగా చేయలేకపోతున్నానన్న భావన కూడా అందులో భాగమే. ఆమెలో మొదట కనిపించింది ఆ విరక్తే. బగ్ రిపోర్టుల్లో ఆ లోపం మళ్లీ ఎలా వస్తుందో చూపే దశలు రాయడం మానేసి "పనిచేయడం లేదు" అని ఒక్క ముక్క రాసేది. ఆదివారం పది గంటలు నిద్రపోయినా సోమవారం తేడా ఉండేది కాదు. వారాంతపు విశ్రాంతితో తగ్గని అలసట ఉంటే గంటలు తగ్గించాల్సిందే, కాఫీతో నెట్టుకురాకూడదు.

ఆమె వారం మధ్య క్లాసులన్నీ ఆపేసింది. విడివిడిగా చెప్పే పిల్లల్ని నలుగురేసి బ్యాచ్‌లుగా చేసి శని, ఆదివారం ఉదయాలకే పరిమితం చేసింది. అక్కడివారికి అవి శుక్ర, శనివారాల రాత్రులు కాబట్టి తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. మొత్తం 51 గంటలకు దిగింది. ఆదాయం తగ్గింది, కానీ సగానికి పడిపోలేదు.

అప్పుడు అనుమతి కోసం మెయిల్ రాసింది. ఏ పని, ఎవరికి, వారంలో ఏ రోజు ఏ గంటలు, కంపెనీ ల్యాప్‌టాప్ గానీ సమాచారం గానీ వాడనని, కంపెనీ క్లయింట్లతో సంబంధం లేదని, అభ్యంతరం వస్తే నిలిపివేస్తానని. ఎనిమిది వాక్యాలు మించలేదు. మేనేజర్ నోటిమాటగా సరేనన్నాడు. అది చాలదని చెప్పాను, మేనేజర్లు మారుతుంటారు. హెచ్‌ఆర్ నుంచి జవాబు మెయిల్‌లో వచ్చేదాకా ఆగి, దాన్ని దాచుకుంది. ప్రాజెక్టు మారినా, కొత్త పని మొదలుపెట్టినా మళ్లీ తెలియజేయాలి.

మిగతావి త్వరగా

భార్య ఖాతాలో వేయించుకుంటే ఆ ఆదాయం ఆమెది కాదు. పని చేసేది మీరైతే పన్ను మీదే, బయటపడితే దాచిపెట్టినట్టు కూడా కనిపిస్తుంది. ఫ్రీలాన్స్ సంపాదన వ్యాపార, వృత్తి ఆదాయం కాబట్టి ఐటీఆర్-1 రిటర్ను ఫారం పనికిరాదు. ఇంటి అద్దె, ఎఫ్‌డీ వడ్డీ, ఊళ్లో పొలం కౌలు గురించి భయపడుతూ అడిగేవారున్నారు. అవి సాధారణంగా బయటి ఉద్యోగం కిందికి రావు. కాకపోతే ఫారంలో ప్రత్యేకంగా అడిగితే రాయండి. అనుమతి గురించి చెప్పినవి ప్రభుత్వోద్యోగులకు వర్తించవు, వారి ప్రవర్తనా నియమావళి వేరు. వ్యాపారానికైనా మరో ఉద్యోగానికైనా ముందే అనుమతి తీసుకోవాలి. కేంద్ర ఉద్యోగులైతే 1964 నాటి నియమాల్లో 15వ నియమం చదవండి. అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళా, శాస్త్ర సంబంధ పనులకు అందులో మినహాయింపు ఉంది.